బ్యాలెన్స్ ఉంది, రూలు ఉంది, అయినా లీవు ఇవ్వలేదు: పై అధికారికి ఏం రాయాలి

పోయిన నెల సమావేశం అయ్యాక ముగ్గురు తమ్ముళ్లు నన్ను పక్కకు పిలిచి ఇంచుమించు ఒకే మాట అడిగారు. "అన్నా, లీవులు మిగిలి ఉన్నాయి, ముందే పెట్టాం, అయినా ఇవ్వనంటున్నారు. పై ఆఫీసరుకు చెబితే మన సూపర్‌వైజరు పగబడతాడేమో. ఏం చెయ్యాలి?" అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. 2025 మే నెలలో నా చెల్లెలి పెళ్లికి నాకు ఇదే ఎదురైంది. ఏ తేదీన ఏం చేశానో, ఎందుకు చేశానో వరసగా చెబుతాను. కంపెనీ పేరు అనవసరం. విశాఖ వైపు ఒక ఫ్యాక్టరీ, నేను అక్కడ ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పని చేస్తాను. అది చాలు.

మన రామయ్యపట్నంలో పెళ్లిళ్లు ఎప్పుడు పెట్టుకుంటామో మీకు తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు ఇంట్లో ఉంటారు. మా నాన్న లేరు. చిన్నాన్నలిద్దరూ వేటకు వెళ్లేవాళ్లే. వాళ్లందరూ ఊళ్లో ఉండేలా చూసుకుని మే 14న ముహూర్తం పెట్టించాం. కన్యాదానానికి పీటల మీద కూర్చోవలసింది నేనే. అంటే ఈ తేదీ జరిగేది కాదు, నా బదులు ఇంకొకరు వెళ్లేది కాదు. లీవు దరఖాస్తులో ఈ రెండు ముక్కలూ రాశాను. 'సొంత పని' అని రాస్తే పై వాళ్లకు అది వాయిదా వేసుకోగల పనిలాగే కనిపిస్తుంది. ఎందుకు వాయిదా పడదో ఒక్క వాక్యంలో చెబితే చదివేవాడికి ఆలోచించడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఏప్రిల్ 10న దరఖాస్తు పెట్టాను. మే 8 గురువారం నుంచి మే 17 శనివారం వరకు. మధ్యలో 11వ తేదీ ఆదివారం, మాకు వారాంతపు సెలవు. కనుక ఖాతాలోంచి పోయేది తొమ్మిది రోజులే. ఇది చాలామంది గమనించరు. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఇచ్చే జీతంతో కూడిన సెలవులో మధ్యలోనూ, చివర్లోనూ పడే సెలవు దినాలను లెక్కలో కలపకూడదు. నా ఖాతాలో అప్పటికి 21 రోజులు ఉన్నాయి. మా కంపెనీ లీవు పాలసీలో మూడు మాటలు స్పష్టంగా ఉన్నాయి. పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. వారం లోపల జవాబు ఇవ్వాలి. కుదరదంటే కారణం రాసి, వేరే తేదీలు సూచించాలి. నేను 28 రోజుల ముందు పెట్టాను.

ఏప్రిల్ 15న పోర్టల్‌లో ఎర్ర అక్షరాలతో రిజెక్టెడ్ అని వచ్చింది. కారణం చోట ఒకే ముక్క: 'పని ఒత్తిడి'. వేరే తేదీలు లేవు.

ఆ రోజే రెండు పనులు చేశాను. మొదటిది, ఆ తిరస్కరణా, నా లీవు బ్యాలెన్సూ, పాలసీలో ఆ మూడు మాటలున్న పేజీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. పోర్టల్ ఎప్పుడు మారుతుందో, పాత దరఖాస్తు కనిపిస్తుందో లేదో మన చేతిలో లేదు. రెండోది, షిఫ్టు అయ్యాక సూపర్‌వైజరు గారి దగ్గరకు వెళ్లి మాట్లాడాను. పై వాళ్లకు రాయడానికి ముందు కింది గడప తొక్కడం మర్యాద. పైగా తర్వాత పై అధికారి మొట్టమొదట అడిగేది "నీ సూపర్‌వైజరుతో మాట్లాడావా?" అనే. ఆయన కాగితాల మీంచి తల ఎత్తకుండానే "మే నెలలో ఎవరికీ ఇవ్వడం లేదయ్యా, షట్‌డౌన్ ఉంది" అన్నారు. షట్‌డౌన్ ఎప్పటి నుంచి అని అడిగితే "చూద్దాంలే" అన్నారు. ఇక్కడ గొడవ పెట్టుకోలేదు. "సరే సార్, మీరు చెప్పినది నేను మెయిల్‌లో రాసి పంపుతాను, ఒకసారి చూడండి" అని వచ్చేశాను.

మర్నాడు, 16న, ఆయనకు మాత్రమే ఒక చిన్న మెయిల్ పంపాను. ఆఫీసు భాషలో రాశాను కానీ దాని సారం ఇది:

"సార్, నిన్న మీరు సమయమిచ్చి మాట్లాడినందుకు ధన్యవాదాలు. మే 8 నుంచి 17 వరకు నేను కోరిన లీవు షట్‌డౌన్ పని వల్ల కుదరదన్నారు. నా వల్ల పని ఆగకూడదని నాకూ ఉంది. ఈ తేదీల్లో ఏయే రోజుల్లో నేను తప్పనిసరిగా ఉండాలో దయచేసి తెలియజేయగలరా? పెళ్లి 14న. దాని చుట్టూ ఉన్న రోజులను సర్దుకోగలను. శనివారంలోగా మీ జవాబు వస్తే ఇంట్లో చెప్పుకోవడానికి వీలవుతుంది."

ఈ వ్యాసం మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒక్కటుంటే అది ఈ ప్రశ్న. 'ఎందుకు ఇవ్వరు' అని అడిగితే వచ్చే జవాబు 'పని ఒత్తిడి' అనే. దానికి ఎదురు చెప్పలేం, అది నిజం కూడా కావచ్చు. 'ఏయే రోజులు కుదరదు' అని అడిగితే తేదీలు చెప్పక తప్పదు. తేదీలు బయటికి వస్తే, అడ్డం మొత్తం లీవుకా, అందులో కొన్ని రోజులకా అన్నది తేలిపోతుంది. చెప్పకపోయినా నష్టం లేదు. నేను సర్దుకుంటానన్నాను, ఆయన జవాబు ఇవ్వలేదు అనే సంగతి కాగితం మీద మిగులుతుంది.

శనివారం దాటింది. జవాబు లేదు. 21 సోమవారం ఉదయం మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కు రాశాను. సూపర్‌వైజరు గారికి కాపీ పెట్టాను. ఆయనకు తెలియకుండా పైకి రాస్తే అది చాడీ అవుతుంది. తెలిసేలా రాస్తే అది పద్ధతి. నేరుగా ప్లాంట్ హెడ్‌కు పోలేదు, హెచ్‌ఆర్‌కు కూడా ఆ రోజు పెట్టలేదు. ఒక్కో మెట్టూ ఎక్కాలి. రెండు మెట్లు దూకితే మధ్యలో ఉన్న మనిషి తన పరువు కాపాడుకోవడానికైనా మనకు వ్యతిరేకంగా నిలబడతాడు.

ఆ మెయిల్‌లో నాలుగు పేరాలు మాత్రమే ఉన్నాయి. మొదటి దాంట్లో ఏం కావాలో ఒకే వాక్యం: మే 8 నుంచి 17 వరకు తొమ్మిది రోజుల లీవు తిరస్కరణను ఒకసారి పరిశీలించమని. రెండో దాంట్లో జరిగినవి తేదీలతో: 10న దరఖాస్తు, 15న తిరస్కరణ, అదే రోజు మాట్లాడటం, 16న మెయిల్. అందులో ఒక్క విశేషణం కూడా లేదు. 'అన్యాయం', 'పట్టించుకోలేదు', 'కావాలని' లాంటి మాటలు వాడలేదు. "16న రాశాను, జవాబు కోసం ఎదురుచూస్తున్నాను" అన్నాను అంతే. మూడో దాంట్లో పాలసీలోని మాట ఎత్తి రాశాను. కారణమూ, వేరే తేదీలూ ఇవ్వాలని ఉంది కనుక ఆ వివరం ఇప్పిస్తే దానికి తగ్గట్టు సర్దుకుంటానన్నాను. నాలుగో దాంట్లో నా పని ఎవరు చూస్తారో రాశాను. నాతో పనిచేసే ఒకాయన షిఫ్టు మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు. నేను చూసే ప్యానెళ్లు, వాటికి పెండింగులో ఉన్న పనులు, స్పేర్లు ఎక్కడున్నాయో ఒక పేజీ జాబితా జత చేశాను. పై అధికారికి మన హక్కు కంటే ముందు కనిపించేది తన ప్లాంట్. ఈ మనిషి లేకపోతే ఏం ఆగుతుంది అన్న భయం తీర్చితే సగం పని అయిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం సూపర్‌వైజరు గారు ఫోన్ చేశారు. కోపంగా కాదు, బాగానే మాట్లాడారు. "పై దాకా ఎందుకయ్యా, ఆ దరఖాస్తు వెనక్కి తీసేసుకో, వచ్చే వారం కొత్తగా పెట్టు, చూసి ఇచ్చేస్తాను" అన్నారు.

తమ్ముళ్లూ, ఇక్కడ జాగ్రత్త. ఇలా పిలిచి చెప్పే మాటలు మూడు రకాలుంటాయి. వినడానికి మూడూ సాయంలాగే ఉంటాయి.

మొదటిది ఇదే, వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టమనడం. మే 8కి పదిహేను రోజుల ముందంటే ఏప్రిల్ 23. వచ్చే వారం పెడితే గడువు దాటిపోతుంది. అప్పుడు నా దరఖాస్తే నిబంధనకు విరుద్ధం అవుతుంది, తిరస్కరణ సక్రమం అవుతుంది. ఆయన అలా ఆలోచించి అన్నారని నేను అనను. కానీ ఫలితం అదే. రెండోది, "నువ్వు వెళ్లిపో, వచ్చాక సర్దుదాం" అనడం. నోటిమాట మీద వెళ్తే రికార్డులో అది అనుమతి లేని గైర్హాజరు. రేపు ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చుంటే ఆ మాటకు సాక్షి ఉండడు. మూడోది, "జీతం లేని సెలవుగా పెట్టు, వెంటనే ఇచ్చేస్తాను" అనడం. ఖాతాలో రోజులుండగా జీతం వదులుకోవలసిన పని లేదు. పైగా, పని ఒత్తిడి వల్ల లీవు కుదరదన్నవాళ్లు జీతం లేకుండా అయితే కుదురుతుందంటే, అడ్డం పని కాదన్నమాట.

నేను ఫోన్‌లో ఇలా చెప్పాను: "చాలా థాంక్స్ సార్. దరఖాస్తు అలాగే ఉంచుతాను, లేకపోతే పదిహేను రోజుల గడువు దాటిపోతుంది. దాంట్లోనే ఏ రోజులు తగ్గించాలో చెప్పండి, తగ్గించుకుంటాను." కాసేపు ఆగి, మొదటిసారి తేదీ చెప్పారు. షట్‌డౌన్ మే 16 ఉదయం మొదలు. అంటే నేను అడిగిన తొమ్మిది రోజుల్లో ఆ పనికి అడ్డం వచ్చేవి రెండే రోజులు, 16, 17. మిగతా ఏడు రోజులకు ఏ అడ్డమూ లేదు. రెండు రోజుల కోసం తొమ్మిదీ కొట్టేశారు. కావాలని కాదు, పోర్టల్‌లో ఉన్నవి రెండే బొత్తాలు, అవునూ కాదూ.

ఆ మాటనే వెంటనే డిపార్ట్‌మెంట్ హెడ్‌కు పంపిన మెయిల్‌కు జవాబుగా రెండు లైన్లలో రాశాను. "సూపర్‌వైజరు గారు షట్‌డౌన్ 16 నుంచి అని దయచేసి వివరించారు. 15 రాత్రికి బయలుదేరి 16 షిఫ్టుకు హాజరవుతాను. 8 నుంచి 15 వరకు మంజూరు చేసి, 16, 17 తేదీలను తిరస్కరించినట్టుగా నమోదు చేయమని మనవి." 24న మంజూరు వచ్చింది. ఏడు రోజులు ఇచ్చారు, రెండు రోజులు తిరస్కరణగా నమోదయ్యాయి.

ఆ చివరి ముక్క ఎందుకు అడిగానో చెప్పాలి. పోయిన రెండు రోజులు పోనీలే అనుకోలేదు. ఇక్కడే చట్టం పనికొస్తుంది. అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 79వ సెక్షన్ ఈ సెలవుల గురించే. ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి, మరుసటి ఏడాది, పనిచేసిన ప్రతి ఇరవై రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు. మిగిలిపోయినవి మరుసటి ఏడాదికి తెచ్చుకోవచ్చు, కానీ ముప్పై దాటకూడదు. అయితే అడిగినా సక్రమంగా ఇవ్వని సెలవులకు ఈ ముప్పై పరిమితి లేదు. అవి ఎన్నయినా ముందుకు వస్తాయి. కానీ అవి 'అడిగి, తిరస్కరించబడినవి' అని కాగితం మీద ఉండాలి. దరఖాస్తు వెనక్కి తీసుకున్నవాడు అడగనట్టే లెక్క. అందుకే వెనక్కి తీసుకోవద్దంటున్నాను.

ఆ సెక్షన్‌లోనే ఇంకొక మాట ఉండేది. పదిహేను రోజుల ముందు సరిగ్గా పెట్టిన దరఖాస్తును ఇష్టమొచ్చినట్టు తిరస్కరించకూడదు. పని సాగడం కోసం కార్మికుల ప్రతినిధులతో ఒప్పుకుని చేసుకున్న లీవు స్కీమ్ ఒకటి అమల్లో ఉండాలి. దాన్ని ఫ్యాక్టరీలో అందరికీ కనిపించేచోట పెట్టాలి. తిరస్కరణ దాని ప్రకారమే జరగాలి. కనుక మీ ఫ్యాక్టరీలో అలాంటి స్కీమ్ ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే, అందులో మీ తేదీలు నిజంగానే మూసి ఉంటే, పైకి రాసినా లాభం తక్కువ. వేరే తేదీలు అడగడమే మేలు.

మరి ఇంత గట్టి సెక్షన్ ఉండగా నా మెయిళ్లలో ఎక్కడా దాని మాట ఎత్తలేదు. కారణం ఉంది. కంపెనీ పాలసీ వాళ్లు రాసుకున్నది. దాన్ని చూపిస్తే "మీ మాట మీకు గుర్తుచేస్తున్నాను" అన్నట్టుంటుంది. చట్టం చూపిస్తే "మీ మీద కేసు వేస్తాను" అని వినిపిస్తుంది. ఆ మాట విన్న మనిషి సర్దుబాటు ఆపేసి, తనను తాను కాపాడుకోవడం మొదలుపెడతాడు. డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర కూడా తేలకపోతే, హెచ్‌ఆర్‌కు కాపీతో ప్లాంట్ హెడ్‌కు రాసే మూడో మెయిల్ కోసం ఆ సెక్షన్‌ను దాచుకున్నాను. దాని అవసరం రాలేదు.

ఇప్పుడు అందరికీ ఇదే వర్తిస్తుందా అంటే, కాదు. మూడు తేడాలు చెప్పి ముగిస్తాను.

కాంట్రాక్టరు కింద పనిచేసే మన కుర్రాళ్లు 'మాకు లీవులేంటి అన్నా' అంటారు. పాత ఫ్యాక్టరీల చట్టంలోనే కార్మికుడంటే కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నవాడు కూడా. లీవు లెక్క మీకూ ఉంది. మీరు ముందు రాయవలసింది మీ కాంట్రాక్టరుకు. మీ హాజరు లెక్క మీ దగ్గర ఒక నోటుపుస్తకంలో ఉంచుకోండి, ఎన్ని రోజులు పనిచేశారన్నదే మీ బలం.

చట్టం కూడా మారింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నా సంగతి జరిగింది పాత చట్టం ఉన్నప్పుడు. కొత్త దాంట్లో ఆ ఏడాది 180 రోజులు పనిచేస్తే చాలు అర్హత వస్తుంది. ఇరవై రోజులకు ఒకటి, ముప్పై వరకు మిగుల్చుకోవడం, తిరస్కరించిన వాటికి పరిమితి లేకపోవడం, ఇవి అలాగే ఉన్నాయి. కానీ సూపర్‌వైజరు హోదాలో నెలకు 18,000 రూపాయలు దాటి జీతం తీసుకునేవాళ్లు, మేనేజర్లు ఆ కోడ్‌లో కార్మికుల కిందికి రారు. వాళ్లకు ఆధారం కంపెనీ పాలసీయే. కనుక ఆ పాలసీ కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి మరీ వేరు. మన సంఘంలో రైల్వేలో, పోస్టాఫీసుల్లో, స్కూళ్లలో చేసేవాళ్లు ఉన్నారు. అక్కడ 'నా హక్కు' అన్న మాట మొదటి వాక్యంలోనే ఓడిపోతుంది. ఉదాహరణకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1972 లీవు నిబంధనల్లో ఏడో రూలు మొదలే లీవును హక్కుగా అడగకూడదని. ప్రభుత్వ పని అవసరాన్ని బట్టి లీవును తిరస్కరించవచ్చు, ఇచ్చినదాన్ని రద్దు కూడా చేయవచ్చు. ఖాతాలో ఎన్ని రోజులున్నా అంతే. కానీ ఆ రూలులోనే మనకు పనికొచ్చే మాటా ఉంది. మనం అడిగిన రకం లీవును, మనం రాసి ఇవ్వకుండా, వాళ్లంతట వాళ్లు వేరే రకంగా మార్చకూడదు. ఆర్జిత సెలవు అడిగితే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, అంతేగానీ దాన్ని జీతం లేని సెలవుగా మార్చేయకూడదు. అక్కడ పైకి రాసేటప్పుడు హక్కు గురించి కాక, పని అవసరం ఏ తేదీ వరకు అని అడగండి. దరఖాస్తు మీ పై అధికారి ద్వారానే పంపండి. ఆలస్యమవుతుందని భయముంటే ఒక ముందస్తు ప్రతిని పైకి పంపి, ఆ మాట దరఖాస్తులోనే రాయండి.

నాకు తగ్గిన ఆ రెండు రోజుల్లో చెల్లెలు అత్తారింటి నుంచి మొదటిసారి పుట్టింటికి వచ్చింది. అప్పుడు నేను విశాఖలో షట్‌డౌన్ పనిలో ఉన్నాను. ఆ లోటు ఉంది, లేదనను. కానీ 14న పీటల మీద నేనే కూర్చున్నాను. సూపర్‌వైజరు గారికి పెళ్లి లడ్డూలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను, ఇప్పటికీ ఆయన కిందే పనిచేస్తున్నాను. ఇద్దరి మధ్యా ఏమీ చెడలేదు, ఎందుకంటే నేను రాసిన దేంట్లోనూ ఆయన గురించి ఒక్క చెడ్డమాట లేదు.

ఎవరికైనా దరఖాస్తు తిరిగొచ్చి ఉంటే, పైకి రాసేముందు మీ పాలసీ పేజీ, తిరస్కరణ ఫోటో, లీవు బ్యాలెన్సు పట్టుకుని ఆదివారం సాయంత్రం సంఘం దగ్గరకు రండి. మీ సూపర్‌వైజరుకు రాయవలసిన ఆ మొదటి చిన్న మెయిల్ కూర్చుని కలిసి రాద్దాం. చాలాసార్లు దానితోనే తేలిపోతుంది.